వర్ణాంధత్వం ఉన్నవారు బట్టలు సర్దుకోవడం ఎలా: మూడు ముడుల పద్ధతి

ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని వర్ణాంధత్వం ఉన్నవారు రోజూ ఇంట్లోవాళ్లను అడగకుండా చొక్కా, ప్యాంటు జత కుదుర్చుకోవడానికి ఈ పద్ధతి. మొదట ఒక్క పూట మాత్రం రంగులు బాగా తెలిసిన మనిషి పక్కన ఉండాలి. తర్వాత బట్టల లోపలివైపు వేసిన దారపు ముడులను వేళ్లతో తడిమి బట్టలు తీసుకోవచ్చు, కరెంటు లేకపోయినా ఇబ్బంది ఉండదు.

చాలామంది బట్టలకు రంగుల పేర్లు రాసి అంటిస్తారు. అది సగం పనే. చొక్కా మీద "లావెండర్" అని రాసి ఉన్నా, అది ఖాకీ ప్యాంటు మీదికి నప్పుతుందో లేదో ఆ పేరు చెప్పదు. పోర్చుగల్ డిజైనర్ మిగెల్ నైవా తయారుచేసిన కలర్‌యాడ్ గుర్తులు కూడా రంగు ఏదో చెప్పి ఊరుకుంటాయి. కాబట్టి బట్ట మీద ఉండాల్సింది రంగు పేరు కాదు, అది ఏ బట్టతో కలుస్తుందన్న తీర్పు.

## 1. ముందు తెలుసుకోవాల్సినవి: ఏ రంగులు మోసం చేస్తాయి

ఈ రకం వర్ణాంధత్వంలో ఎక్కువగా పొరపాటు పడే జతలు ఇవి:

- ఆలివ్ ఆకుపచ్చ, బ్రౌన్, ముదురు ఖాకీ
- నేవీ నీలం, ముదురు ఊదా
- లేత గులాబి, లేత బూడిద
- లేత ఆకుపచ్చ, క్రీమ్, లేత గోధుమ రంగు
- మెరూన్, నలుపు, ముదురు బ్రౌన్

చివరి జత అందరికీ ఒకేలా ఉండదు. ఎరుపును గ్రహించడంలో లోపం ఉన్నవారికి (ప్రోటాన్ రకం) ఎరుపు మామూలుకంటే చీకటిగా కనిపిస్తుంది, అందుకే మెరూన్ చొక్కా నల్లచొక్కాలా ఉంటుంది. ఆకుపచ్చ వైపు లోపం ఉన్నవారికి (డ్యూటాన్ రకం) రంగులు కలిసిపోతాయి గానీ ఎరుపు అంతగా చీకటి పడదు. మీది ఏ రకమో తెలియకపోయినా పద్ధతి మారదు.

లేత, ముదురు తేడా మాత్రం ఈ లోపం ఉన్నవారికి బాగానే తెలుస్తుంది. కింద కొన్ని పరీక్షలు దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

## 2. సరంజామా

- లావుపాటి కాటన్ ఎంబ్రాయిడరీ దారం, ఒక తెల్ల ఉండ, ఒక నల్ల ఉండ
- పెద్ద కన్నున్న సూది, కత్తెర
- సెంటీమీటరు వెడల్పున్న తెల్ల కాటన్ నాడా, సుమారు రెండు మీటర్లు
- బట్టల మీద రాసే పెన్ను. మామూలు మార్కర్ కొన్ని ఉతుకులకే వెలిసిపోతుంది
- ఒక నోటుపుస్తకం, ఫోను
- రంగులు బాగా తెలిసిన ఒక మనిషి, మూడు గంటల సమయం

నైలాన్ దారం వద్దు, ఇస్త్రీపెట్టె వేడికి కరుగుతుంది. పిన్నీసులు కూడా వద్దు. తుప్పు పట్టి మరక చేస్తాయి, ఆ మరక రంగు మీకు తెలియదు కాబట్టి అలాగే వేసుకుని వెళ్లిపోతారు.

ఇక హ్యాంగర్లకు లేబుళ్లు తగిలించే పద్ధతి. చూడ్డానికి బాగుంటుంది, మన ఇళ్లలో వారం కూడా నిలవదు. చొక్కా ఉతుక్కి వెళ్లి, ఇస్త్రీ బండి దగ్గర మడత పడి, మరో హ్యాంగర్‌కు ఎక్కుతుంది. పాతకాలం చాకళ్లు నల్లజీడి రసంతో బట్ట మీదే గుర్తు పెట్టేవారు. గుర్తు బట్టతోపాటే తిరగాలని వాళ్లకు తెలుసు. (ఆ రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది, మీరు ప్రయత్నించకండి.)

## 3. వెలుతురు చూసుకుని బట్టలన్నీ బయటికి తీయండి

ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య, కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట మంచం మీద తెల్లదుప్పటి పరిచి పని మొదలుపెట్టండి. ట్యూబ్‌లైటు కింద చేయకండి. ఒక దీపం కింద ఒకేలా కనిపించిన రెండు బట్టలు పగటి వెలుగులో వేరుగా కనిపించడం మామూలే. నేవీ, నలుపు విషయంలో రంగులు తెలిసినవాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు.

బీరువాలో సగం తీసి సగం వదలకండి. ఉతుక్కి వేసినవీ, ఇస్త్రీకి ఇచ్చినవీ అన్నీ ఇంటికి వచ్చాకే ఈ పని పెట్టుకోండి. గుర్తు లేని చొక్కా ఒక్కటి తిరిగొచ్చి బీరువాలో చేరినా లెక్క తప్పుతుంది.

## 4. ముందు ప్యాంట్లను రెండు గుంపులు చేయండి

చొక్కాలతో మొదలుపెట్టకండి. చొక్కాలు ఎక్కువ, రంగులు ఎక్కువ, తెగదు. ప్యాంట్లు తక్కువ, అవి సాధారణంగా రెండు కుటుంబాల్లో ఇమిడిపోతాయి.

- ఒకటో గుంపు: నలుపు, నేవీ, ముదురు బూడిద
- రెండో గుంపు: ఖాకీ, లేత గోధుమ, బ్రౌన్

ప్రతి ప్యాంటు నడుంపట్టీ లోపల, హుక్కుకు కుడివైపు, గుంపును బట్టి ఒక ముడి లేదా రెండు ముడులు వేయండి. పక్కనే చిన్న నాడా ముక్క కుట్టి దాని మీద "నేవీ", "ఖాకీ" అని పేరు రాయండి. ఈ పేరు ఎక్కడ పనికొస్తుందో ఆరో మెట్టులో తెలుస్తుంది.

## 5. చొక్కాలకు తీర్పు చెప్పించండి

ఇప్పుడు మీ సహాయకుడి పని. ఒకటో గుంపు ప్యాంట్లన్నీ వరసగా పరిచి, ఒక్కో చొక్కాను వాటి పైన పెట్టి అడగండి: "ఈ ప్యాంట్లు అన్నింటి మీదికీ నప్పుతుందా?" జవాబు అవును లేదా కాదు. "ఫర్వాలేదు", "నడుస్తుందిలే" అంటే కాదు అనే రాసుకోండి. రెండో గుంపుతోనూ ఇలాగే చేయండి.

"అన్నింటి మీదికీ" అన్న మాట దగ్గర పట్టు విడవకూడదు. గుంపులో ఒక్క ప్యాంటుతో కుదరకపోయినా ఆ చొక్కాకు ఆ గుంపు ముడి వేయకూడదు. అప్పుడే మీరు గుంపులోంచి ఏ ప్యాంటు లాగినా భయం ఉండదు.

ముడుల లెక్క ఇది:

- ఒకటో గుంపుతో కలిసేది: ఒక ముడి
- రెండో గుంపుతో కలిసేది: రెండు ముడులు
- రెండింటితోనూ కలిసేది: మూడు ముడులు (ఒకటి, రెండు కలిపితే మూడు, అంతే)

చొక్కాకు ముడి వేసే చోటు లోపలివైపు, ఎడమ పక్క కుట్టు మీద, ఉతికే సూచనలుండే లేబుల్‌కు కాస్త పైన. కాలరు దగ్గర వేస్తే మెడకు గుచ్చుకుంటుంది, పైగా ఇస్త్రీవాళ్లు, లాండ్రీవాళ్లు తమ గుర్తులు అక్కడే పెడతారు. ముడికీ ముడికీ మధ్య సెంటీమీటరు ఖాళీ వదలండి. దగ్గరగా వేస్తే నాలుగైదు ఉతుకులకు దారం ఉబ్బి మూడు ముడులు ఒకే ఉండలా తగులుతాయి. లేత బట్ట మీద నల్లదారం, ముదురు బట్ట మీద తెల్లదారం వాడితే కంటికీ ఆనుతుంది.

## 6. ఒక బీరువా లెక్క

ఆఫీసుకు వెళ్లే ఒకరి బీరువాలో ఆరు ప్యాంట్లు, పద్నాలుగు చొక్కాలు ఉన్నాయనుకుందాం. ప్యాంట్లు: నలుపు, నేవీ, ముదురు బూడిద, ఖాకీ, ముదురు బ్రౌన్, ఆలివ్.

తీర్పులు మొదలుపెట్టగానే ఆలివ్ ప్యాంటు దగ్గర పని ఆగిపోతుంది. రెండో గుంపులో మిగతా రెండింటికీ నప్పే చొక్కా ఆలివ్ దగ్గరికి వచ్చేసరికి "ఏమో" అనిపించుకుంటుంది. ఒక్క ప్యాంటు వల్ల గుంపు చిన్నదైపోతోంది. ఇలాంటి సమయంలో చొక్కాల్ని కాదు, ప్యాంటును తీసేయాలి. ఆలివ్‌ను తమ్ముడికి ఇచ్చేస్తే లెక్క ఇలా తేలుతుంది:

- మూడు ముడులు (4): తెలుపు, క్రీమ్, లేత నీలం, తెలుపు మీద నీలి గీతలు
- ఒక ముడి (4): లేత గులాబి, లావెండర్, లేత బూడిద, మెరూన్
- రెండు ముడులు (3): నేవీ గళ్లు, డెనిమ్ చొక్కా, ఇటుక రంగు
- ఏ గుంపులోనూ పూర్తిగా ఇమడనివి (3): నలుపు, ముదురు ఆకుపచ్చ, ఆవపిండి పసుపు

ఒకటో గుంపులో మూడు ప్యాంట్లకు ఎనిమిది చొక్కాలు, అంటే 24 జతలు. రెండో గుంపులో రెండు ప్యాంట్లకు ఏడు చొక్కాలు, 14 జతలు. మొత్తం 38. ఎవర్నీ అడగకుండా నెలరోజులు ఒక్క జతా తిరిగి వేయకుండా గడుస్తుంది.

మిగిలిన మూడు చొక్కాలకు ముడి వేయకండి. ప్రతిదానికీ నాడా ముక్క కుట్టి ఒక్క ప్యాంటు పేరు రాయండి: నల్లచొక్కాకు "ఖాకీ మాత్రమే", ముదురు ఆకుపచ్చకు "ఖాకీ మాత్రమే", ఆవపిండి రంగుకు "నేవీ మాత్రమే". ప్యాంట్ల మీద పేర్లు రాసింది ఇందుకే. నల్లచొక్కా బూడిద ప్యాంటు మీద కూడా బాగుంటుందని సహాయకుడు అంటాడు. నిజమే కావచ్చు. అయినా రాయకండి. మినహాయింపులు పెరిగేకొద్దీ గుర్తుపెట్టుకోవాల్సినవి పెరుగుతాయి, ఈ పద్ధతి పెట్టుకున్నది వాటిని తగ్గించుకోవడానికే.

ముదురు నీలం జీన్స్‌ను విడిగా పరీక్షించండి. చాలావరకు అన్ని చొక్కాలతోనూ కలుస్తుంది, అలాగైతే మూడు ముడులు వేయొచ్చు. డెనిమ్ చొక్కాతో మాత్రం ఒక్కసారి పెట్టి చూడండి. దగ్గరదగ్గర నీలాలు రెండు కలిస్తే జత పొరపాటున కుదిరినట్టుంటుంది.

## 7. చెప్పులు, బెల్టులు, సాక్సులు

బూట్లు, బెల్టు ఒకటో గుంపుకు నలుపు, రెండో గుంపుకు బ్రౌన్. అంతకుమించి పెట్టుకోకండి. ముదురు బ్రౌన్, నలుపు, మెరూన్ తోళ్లు పక్కపక్కన ఉంటే పట్టుకోవడం కష్టం కనుక వీటికీ గుర్తు తప్పదు.

బెల్టు కొన దగ్గర, లోపలి వైపు, చెప్పులు కుట్టేవారి చేత ఆరతో ఒక గాటు లేదా రెండు గాట్లు పెట్టించండి. బూట్లకైతే అడుగుభాగంలో, నేలకు ఆనని వంపు దగ్గర కత్తితో ఒక గీత లేదా రెండు గీతలు గీయండి.

ఇక్కడ అందరూ మర్చిపోయేది పాలిష్ డబ్బా. నల్లబూటుకు బ్రౌన్ పాలిష్ పట్టించినా వెంటనే తెలియదు. డబ్బా మూతకు రబ్బరు బ్యాండ్లు చుట్టండి, నలుపుకు ఒకటి, బ్రౌన్‌కు రెండు. బ్రష్షులకూ అంతే.

సాక్సులకు ముడులు వేస్తూ కూర్చోకండి. ఉన్నవన్నీ తీసేసి, నునుపు నేతవి నల్లవి ఆరు జతలు, చారల నేతవి బ్రౌన్‌వి నాలుగు జతలు కొనండి. నేత తేడా వేలికి తెలిసిపోతుంది.

## 8. పంచెలు, చీరలు, చుడీదార్లు

వీటిలో కలిపి మార్చుకునే అవసరం తక్కువ, సెట్టు విడిపోకుండా చూసుకుంటే చాలు. ఇక్కడ ముడులకు బదులు అంకెలు వాడండి. పంచె, కండువా, లాల్చీ మూడింటికీ నాడా మీద అదే అంకె రాసి కుట్టండి. చుడీదారు, ప్యాంటు, చున్నీ కూడా అలాగే.

చీర విషయంలో అంకె చీర లోపలి కొంగు అంచున, జాకెట్టు నడుము పట్టీ లోపల, లంగా బొందు పక్కన ఉండాలి. మూడూ ఒకే కవర్లో మడిచి పెట్టండి. ఒక జాకెట్టు రెండు చీరలకు వస్తుంటే దాని మీద రెండు అంకెలూ రాయండి. పట్టుచీరకు సూది గుచ్చకుండా, ఫాల్ కుట్టు మీద నాడాను కలిపి కుట్టించండి.

## 9. పరీక్ష పెట్టుకోండి

ముడులన్నీ వేసిన రోజే, కళ్లు మూసుకుని తడిమి పది జతలు తీసి మంచం మీద పరవండి. సహాయకుడు చూసి తప్పులు చెప్పాలి.

- పదీ సరిపోతే పని అయినట్టే.
- ఒకటి తప్పితే ఆ చొక్కా ముడి మార్చండి.
- రెండు, అంతకంటే ఎక్కువ తప్పితే చొక్కాలను వదిలి ఆ గుంపు ప్యాంట్లను మళ్లీ చూడండి. దాదాపు ఎప్పుడూ గుంపులో ఇమడని ప్యాంటు ఒకటి దొరుకుతుంది.

జతల్ని ఫోనుతో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. చొక్కా, ప్యాంటు ఒకే బూడిదగా కనిపిస్తే ఆ జతలో లేత ముదురు తేడా లేదన్నమాట. అది తప్పు జత అని కాదు, మెరూన్ నేవీ మీద అలాగే ఉంటుంది. కానీ సహాయకుణ్ణి మళ్లీ అడగాల్సిన జత అదే.

రంగు పేరు చెప్పే ఫోను యాప్‌లను ఈ పనికి ఆధారం చేసుకోకండి. గదిలో పసుపు బల్బు వెలుగుతుంటే క్రీమ్‌ను మరోలా చెబుతాయి, గళ్లచొక్కా మీద ఒక్కో చుక్కకు ఒక్కో పేరు చెబుతాయి. రంగు సరిచేస్తామనే కళ్లద్దాలూ అంతే. కొన్ని రంగుల మధ్య తేడాను పెంచుతాయి, లేని గ్రహణశక్తిని తిరిగి ఇవ్వవు.

## 10. కొత్త బట్ట వచ్చినప్పుడు

ముడిగానీ నాడాగానీ పడకుండా ఏ బట్టా బీరువాలోకి వెళ్లకూడదు. కొత్తవాటి కోసం కింద ఒక సంచి పెట్టుకోండి, తీర్పు వచ్చేదాకా అవి అందులోనే.

ఎవరూ దొరకకపోయినా పని జరగాలంటే ధర చీటీ మీద ముద్రించిన రంగు పేరు చదవండి. తెలుపు, ఆఫ్ వైట్, స్కై బ్లూ సాదా చొక్కాలకు మూడు ముడులు మీరే వేసేసుకోవచ్చు. చార్‌కోల్, నేవీ, బ్లాక్ ప్యాంట్లు ఒకటో గుంపు. బీజ్, ట్యాన్, ఖాకీ రెండో గుంపు. ఆలివ్, టీల్, మావ్, వైన్ అని ఉంటే ఒంటరిగా వెళ్లినప్పుడు కొనకండి.

దుకాణంలో "ఇది బాగుందా?" అని అడిగితే "మీకు భలే సూటయింది సార్" అనే జవాబే వస్తుంది. "ఇది ఏ రంగు?" అని అడగండి, అదే ప్రశ్న కౌంటర్‌లో ఇంకొకరినీ అడగండి. ఇద్దరూ రెండు పేర్లు చెబితే అక్కడే వదిలేయండి.

## 11. ఉతుకులో చెడేవి, వాటిని కనిపెట్టడం

తెల్లచొక్కాకు రంగు అంటడం. కొత్త ఎర్ర బట్టతో కలిపి ఉతికితే తెలుపు గులాబీ అవుతుంది, అది మీకు లేత బూడిదలా ఉండి అసలు తెలియకపోవచ్చు. తెల్లవి ఎప్పుడూ విడిగా ఉతకండి. కొత్త ముదురు బట్టను మొదటి మూడుసార్లు ఒంటరిగా ఉతకండి. రంగు పోతుందో లేదో చూడాలంటే తడిపి, తెల్లగుడ్డ మీద అదిమి తీయండి. ఏ రంగు అంటిందో తెలియక్కర్లేదు, అక్కడ గుడ్డ కాస్త చీకటి పడితే చాలు, పోతున్నట్టే.

నలుపు వెలవడం. నల్లప్యాంటు వెలిసి బ్రౌన్ ఛాయకు తిరుగుతుంది, అప్పుడు నల్లబెల్టు పక్కన తేలిపోతుంది. దీనికి ఎవరి సాయమూ అక్కర్లేదు. ఆరునెలలకోసారి ప్యాంటు కింది అంచు మడతలో లోపలి బట్టను తిప్పి మోకాలి దగ్గరి బట్ట పక్కన పెట్టండి. లోపల ముదురుగా, బయట లేతగా తేడా కనిపిస్తే దాన్ని ఆఫీసు వరసలోంచి తీసేయండి.

ముడి ఊడిపోవడం. మూడు ముడుల్లో ఒకటి ఊడితే రెండు మిగులుతాయి, అది తప్పుడు గుర్తు! అందుకే మూడు ముడులకు దారం తెంపకుండా ఒకే పోగుతో వేయండి. ఒకటి ఊడినా పోగు వేలాడుతూ చేతికి తగులుతుంది. అలా తగిలిన చొక్కాను కొత్తవాటి సంచిలో పడేయండి.

## 12. ఊరెళ్లేటప్పుడు

పెట్టెలో రెండు గుంపులూ పెట్టకండి. ఒకటో గుంపు ప్యాంట్లు రెండు, ఒక ముడివీ మూడు ముడులవీ కలిపి నాలుగు చొక్కాలు, నల్లబెల్టు, నల్లబూట్లు, నల్లసాక్సులు పెట్టుకుంటే ఎనిమిది జతలు అవుతాయి. హోటల్ గదిలో దీపం ఎంత మసకగా ఉన్నా ఆ పెట్టెలోంచి తప్పు జత రాదు. పెళ్లికి వెళ్తుంటే అంకె వేసిన పంచె సెట్టు ఒకటి పైన పెట్టుకోండి.